నిద్ర గడప మీద ఉలికిపాటు

మొన్న మాఘమాసంలో ఒకరోజు పొద్దున్నే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడికి 31 ఏళ్లు. తణుకులో ఉంటాడు, పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాడు. మాఘం అంటే వాడికి పంట చేతికొచ్చే కాలం. అర్ధరాత్రి ముహూర్తాలు, తెల్లవారుజాము ముహూర్తాలు, వరసగా నాలుగేసి పెళ్లిళ్లు.

"అక్కా, పది రోజులుగా పడుకోవాలంటేనే భయమేస్తోంది" అన్నాడు. "కళ్లు మూతలు పడుతుండగా ఎవరో మేడ మీంచి తోసేసినట్టు ఉంటోంది. ఒళ్లంతా ఎగిరిపడుతోంది. లేచి కూర్చుంటే గుండె దడదడ. మళ్లీ పడుకుంటే మళ్లీ అదే. నిన్న ఆరుసార్లు. ఫిట్సేమో అని మా ఆవిడ ఏడుస్తోంది. నాకేమో గుండె జబ్బనిపిస్తోంది."

పిన్ని అప్పటికే జడుపు అనుకుని గుడికి తీసుకెళ్లి తాయెత్తు కట్టించింది. స్నేహితుడొకడు ఇంకో మాట చెప్పాడట: నిద్రలో గుండె ఆగిపోబోతుంటే మెదడు కనిపెట్టి మనిషిని అలా తట్టి లేపుతుందని. ఈ మాట సెల్‌ఫోన్లలో చాలాకాలంగా తిరుగుతోంది. ఇందులో నిజం లేదు. కానీ ఆ మాట విన్న రాత్రి నుంచే వాడికి అసలు కష్టం మొదలైంది.

ఆరోగ్య విషయాలు రాయడం నా పని. డాక్టర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నదాన్ని బట్టి నేను వాణ్ని ఒక్కటే అడిగాను: "సరిగ్గా ఎప్పుడు వస్తోంది? నిద్ర పట్టకముందా, పట్టాకా, పొద్దున లేచాకా?"

ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఒళ్లు ఉలిక్కిపడటం ఒకేలా కనిపించినా, అది వచ్చే వేళను బట్టి దాని అర్థం మారిపోతుంది.

మాగన్నులో ఏం జరుగుతుంది

మనకు మాగన్ను అనే చక్కటి మాట ఉంది. పూర్తి మెలకువా కాదు, పూర్తి నిద్రా కాదు. పక్కగదిలో మాటలు వినపడుతుంటాయి, అర్థం మాత్రం జారిపోతుంటుంది. నిద్రను కొలిచే వైద్యులు దీన్ని నిద్రలో మొదటి దశ అంటారు. రాత్రి పడుకున్నాక ఇది కొద్ది నిమిషాలే ఉంటుంది. మూసిన రెప్పల కింద కనుగుడ్లు నెమ్మదిగా అటూ ఇటూ దొర్లుతాయి. మెదడు తరంగాలు నెమ్మదిస్తాయి. మెడ, చేతులు, తొడల్లోని బిగువు సడలుతుంది. మన ఉలికిపాటు పుట్టే చోటు ఇదే.

ఉన్నట్టుండి ఒక కాలో, చెయ్యో, లేదా ఒళ్లంతానో ఒక్కసారి ఎగిరిపడుతుంది. కండరాలకు తీగలు తగిలించి కొలిస్తే ఆ కుదుపు సాధారణంగా సెకనులో నాలుగో వంతు కూడా ఉండదు. దానితోపాటే మెట్టు తప్పినట్టో, బావిలోకి జారినట్టో అనిపిస్తుంది. కొందరికి కళ్ల ముందు మెరుపు మెరుస్తుంది, కొందరికి పెద్ద శబ్దం వినిపిస్తుంది. కొందరు కెవ్వుమంటారు కూడా. వెంటనే మెలకువ వచ్చి గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి ఎగపోస్తుంది, కాస్త చెమట పడుతుంది. నిమిషంలో అంతా సర్దుకుంటుంది.

ఇక్కడ వరస గమనించాలి. ముందు కుదుపు, తర్వాత గుండె దడ. పక్కన టపాసు పేలితే గుండె ఎలా పరిగెడుతుందో ఇదీ అలాగే. మా తమ్ముడు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకున్నాడు. గుండెలో ఏదో జరిగింది కాబట్టి ఒళ్లు ఎగిరిందనుకున్నాడు.

ఇది అరుదైన సంగతి కాదు. నూటికి 60 నుంచి 70 మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది అనుభవమవుతుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, పెద్దలు అన్న తేడా లేదు. చాలామందికి పొద్దుటికల్లా గుర్తు కూడా ఉండదు. అమెరికాలో నరాల వైద్యుడు సైలస్ వియర్ మిచెల్ 1890లోనే దీని గురించి రాశారు. ఈ ఉలికిపాట్లు మాటిమాటికీ వస్తే మనిషికి నిద్రే కరవవుతుందని ఆయన అప్పుడే గమనించారు. 1959లో ఇయాన్ ఓస్వాల్డ్ అనే పరిశోధకుడు కునుకు తీస్తున్నవారి మెదడు తరంగాలను నమోదు చేసి ఈ కుదుపుల మీద వివరంగా రాశారు. నేటి వైద్యం దీన్ని రోగాల జాబితాలో కాక, మామూలు మనుషుల్లో కనబడే విషయాల కింద లెక్కిస్తుంది.

త్రాసు ఊగే వేళ

ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే మెలకువ, నిద్ర ఒకదానికొకటి ఎలా చోటిస్తాయో చూడాలి. మెదడు అడుగుభాగంలో, వెన్నుపాముతో కలిసే కాండం దగ్గర, మనల్ని మెలకువగా ఉంచే కణాల గుంపులు ఉంటాయి. అవి పైకి మెదడుకు 'లే' అని, కిందికి కండరాలకు 'బిగువుగా ఉండు' అని సంకేతాలు పంపుతుంటాయి. మెదడు నడిమి అడుగున ఉండే హైపోథాలమస్‌లో ఇంకో చిన్న గుంపు ఉంది. దాని పని ఆ మొదటి గుంపును నిద్రపుచ్చడం. ఒకటి పైకి లేస్తే రెండోది అణుగుతుంది. అమెరికన్ శాస్త్రవేత్త క్లిఫర్డ్ సేపర్, ఆయన సహచరులు ఈ ఏర్పాటును వివరంగా వర్ణించారు.

దీన్ని త్రాసులా ఊహించుకోండి. పగలు మెలకువ తట్ట బరువుగా ఉంటుంది. రాత్రయ్యేసరికి నిద్ర తట్ట బరువెక్కి, ముల్లు చల్లగా ఇటు వాలుతుంది. మామూలు రోజున ఆ వాలడం మనకు తెలియదు. కానీ ముల్లు నడిమికి వచ్చిన క్షణంలో త్రాసు ఇంకా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపులో మెదడు కాండం నుంచి ఒక్కసారిగా సంకేతాల జల్లు కండరాల మీదికి దూకుతుంది. అదే కుదుపు. శాస్త్రవేత్తలు ఎక్కువగా ఒప్పుకునే వివరణ ఇది.

మరి పడిపోతున్నట్టు ఎందుకనిపిస్తుంది? మెలకువలో ఉన్నంతసేపూ చెవి లోపలి తూకపు అవయవం, కండరాలు, కీళ్లు కలిసి 'నువ్వు ఇలా ఉన్నావు' అని మెదడుకు కబురు చేస్తుంటాయి. మాగన్నులో ఆ కబురు పలచబడుతుంది, ఒంటి బిగువూ సడలుతుంది. కింద నేల ఉన్నదన్న భరోసా పోయినట్టవుతుంది. అదే సమయంలో కలలు అల్లే పని మొదలవుతుంది. ఇలాంటప్పుడు కాలు ఒక్కసారి ఎగిరితే, సగం నిద్రలో ఉన్న మెదడు దానికి వెంటనే ఒక కారణం కల్పించుకుంటుందని, ఆ కథే మెట్టు తప్పడం, గోతిలో పడటం అని ఒక వివరణ. చెట్ల మీద పడుకున్న మన పూర్వీకులు కొమ్మ జారకుండా పట్టుకోవడానికి పుట్టిన అలవాటు ఇదని కూడా కొందరంటారు. వినడానికి బాగుంటుంది గానీ అది ఊహే, దానికి రుజువు లేదు.

ఏ రాత్రుల్లో ఎక్కువ వస్తుందో మాత్రం బాగా తెలుసు. నిద్ర బాకీ పడినప్పుడు, పొద్దుపోయాక టీ, కాఫీలు తాగినప్పుడు, సిగరెట్ ఎక్కువైనప్పుడు, పడుకునే ముందు ఒళ్లు అలిసేలా కసరత్తు చేసినప్పుడు, మనసులో దిగులో కంగారో ఉన్నప్పుడు. దిగులుకీ కుంగుబాటుకీ వాడే కొన్ని మందులతోనూ కొందరిలో పెరుగుతుంది. అలాంటి మందు మొదలుపెట్టిన రోజుల్లోనే ఉలికిపాట్లు మొదలైతే, రాసిన డాక్టరుకు చెప్పాలి. మనంతట మనం టక్కున ఆపెయ్యకూడదు.

ఈ కారణాలన్నీ త్రాసు దగ్గరే కలుస్తాయి. రెండు రాత్రులు నిద్ర లేకపోతే నిద్ర తట్ట విపరీతంగా బరువెక్కుతుంది. అప్పుడు గుక్కెడు టీ పోస్తే మెలకువ తట్టా బరువెక్కుతుంది. రెండు పక్కలా బరువు పడిన త్రాసు తేలిగ్గా నిలవదు. 'ఒళ్లంతా అలిసిపోయింది, నిద్ర మాత్రం రావట్లేదు' అని జనం చెప్పే స్థితి ఇదే.

నోటుబుక్కులో దొరికిన మూడో కారణం

తమ్ముణ్ని రెండు వారాలు ఒక నోటుబుక్కులో అయిదు విషయాలు రాయమన్నాను. ఎన్ని గంటలకు పడుకున్నాడు, ఆ రోజు ఎన్ని టీలు తాగాడు, చివరి టీ ఎప్పుడు, ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డాడు, ఆ రోజు పని ఏమిటి. నిద్ర వైద్యులు రోగులను మొదట చేయమనేది ఇదే. వాళ్లు దాన్ని నిద్ర డైరీ అంటారు.

పెళ్లి ఉన్న రోజుల లెక్క ఊహించినట్టే ఉంది. ఏడెనిమిది టీలు, చివరిది రాత్రి ఒంటిగంటకో రెండింటికో. ఇంటికొచ్చి నాలుగింటికి పడక. ఉలికిపాట్లు నాలుగు, అయిదు, ఆరు. టీలో ఉండే కెఫీన్ సగం అరగడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. రెండింటికి తాగిన టీలో సగం పొద్దున ఏడింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. దానికి ముందు తాగినవాటి మిగులు వేరే.

పెళ్లి లేని రోజుల్లో నాలుగింటికి చివరి టీ తాగి, పదకొండింటికి పడుకున్నాడు. వాటిలో ఎక్కువ రోజులు సున్నా, లేదా ఒకటి.

కానీ ఆరో రోజు లెక్క వేరుగా ఉంది. పెళ్లి లేదు. సాయంత్రం తర్వాత టీ లేదు. ముందురోజు బాగానే నిద్రపోయాడు. అయినా ఎనిమిదిసార్లు. రెండు వారాల్లో అన్నిటికంటే ఎక్కువ. ఏం జరిగిందని అడిగితే, కాసేపు ఆగి చెప్పాడు: "ఆ రోజు వస్తుందేమో అని చూస్తూ పడుకున్నానక్కా. నాడి మీద వేలు పెట్టుకుని పడుకున్నా."

మూడో కారణం అది: భయం. నిద్ర రావాలంటే కాపలా దిగాలి. ఉలికిపాటు కోసం ఎదురుచూసేవాడి మెదడు కాపలా మీదే ఉంటుంది. మాగన్నులోకి ఒక అడుగు వేస్తుంది, 'వచ్చిందా' అని వెనక్కి చూస్తుంది. ఒక్కసారి దాటాల్సిన గడపను ఆ రాత్రి ఇరవైసార్లు దాటుతుంది. దాటిన ప్రతిసారీ కుదుపుకు ఒక అవకాశం. మామూలుగా అయితే మనకు తెలియకుండా పోయే చిన్న కదలిక కూడా అలా కాచుకున్నవాడికి పెద్దగా తెలుస్తుంది. దాంతో భయం ఇంకాస్త పెరుగుతుంది. మిచెల్ 1890లో చెప్పిన నిద్రలేమి ఇదే. కుదుపు చేసే హాని ఏమీ లేదు. దాని చుట్టూ పేరుకున్న భయమే మనిషిని రాత్రంతా కూర్చోబెడుతుంది.

కాబట్టి వాడు చేసిన మార్పులు మూడింటి మీదా పడ్డాయి. పడుకునే వేళకు ఆరు గంటల ముందు చివరి టీ అని గీత గీసుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి పడుకునే రోజున రాత్రి పదింటికే టీ బంద్. పెళ్లి ఉన్న రోజున మధ్యాహ్నం గంటన్నర ముందుగానే నిద్రపోవడం మొదలుపెట్టాడు, రాత్రికి బాకీ తగ్గేలా. ఇంటికొచ్చాక ఫొటోలు కంప్యూటర్లో ఎక్కించి చూసుకోవడం మాని, అరగంట దీపం తగ్గించి ఊరికే కూర్చున్నాడు.

భయం సంగతికి ఇంకొంచెం పట్టుదల కావాల్సి వచ్చింది. ఉలిక్కిపడితే లేవకూడదు, ఫోన్‌లో టైము చూడకూడదు, నాడి పట్టుకోకూడదు. 'ఇది గడప, నిద్ర దగ్గర్లోనే ఉంది' అనుకుని పక్కకు తిరిగి, ఊపిరి నెమ్మదిగా వదలాలి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే పక్క మీద దొర్లకుండా వేరే గదిలోకి వెళ్లి మసక వెలుతురులో కూర్చోవాలి, మగత వచ్చాకే తిరిగి పడుకోవాలి. పక్క అంటే భయపడే చోటు అన్న ముద్ర మనసులోంచి చెరిగిపోవడానికి ఈ పద్ధతి. మూడు వారాలకు వాడి లెక్క వారానికి ఒకటో రెండో అయింది.

వాడు మందుల షాపులో మెగ్నీషియం మాత్రలు కూడా అడిగాడట. ఈ ఉలికిపాట్లకు అవి పనిచేస్తాయనడానికి గట్టి పరిశోధన లేదు. చాలా తీవ్రంగా ఉన్న కొద్దిమందికి డాక్టర్లు కొన్నాళ్లు క్లోనాజెపామ్ లాంటి మందు రాస్తారు. అది అలవాటు పడే మందు, కాబట్టి సొంతంగా కొనుక్కోకూడదు.

వేళ మారితే అర్థం మారుతుంది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నిద్ర పట్టబోయే ముందు, ఒకటో రెండో, ఆ తర్వాత నిద్ర పడుతుంది, పొద్దున మామూలుగా ఉంటుంది. ఇలా అయితే డాక్టరు అవసరం లేదు. వేళ మారినప్పుడు మాత్రం వేరే సంగతులు తలుచుకోవాలి.

పడుకోకముందే, సాయంత్రం కూర్చున్నప్పుడే కాళ్లలో పురుగులు పాకినట్టు, లాగినట్టు ఉండి, కదిలిస్తేగానీ తోచదు, నడిస్తే హాయిగా ఉంటుంది అంటే అది ఉలికిపాటు కాదు. దాన్ని విశ్రాంతి లేని కాళ్ల జబ్బు అంటారు. 1945లో స్వీడన్ వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ దీన్ని వివరంగా వర్ణించారు. ఒంట్లో ఇనుము నిల్వ తగ్గడం దీనికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి, గర్భిణుల్లో ఎక్కువ కనిపిస్తుంది. రక్తంలో ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే నిల్వ తెలుస్తుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు. రక్తహీనత లేదు కదా అని ఊరుకోకుండా ఆ పరీక్ష అడగాలి.

నిద్ర బాగా పట్టాక కాళ్లు ఒక లయలో కదులుతుంటే అదింకొకటి. బొటనవేలు పైకి లేస్తుంది, మడమ, మోకాలు ముడుచుకుంటాయి, తిరిగి చాచుకుంటాయి. మళ్లీ ఇరవై నలభై సెకన్లకు అదే. పడుకున్నవారికి తెలియదు, పక్కనున్నవారికి తెలుస్తుంది. పగలు మత్తుగా ఉంటోందంటేనే వైద్యం. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి, ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై ఎగిరి లేస్తుంటే అది ఊపిరి దారి మూసుకుపోయే జబ్బు కావచ్చు. దాన్ని అశ్రద్ధ చేయకూడదు.

తెల్లవారుజామున, కల మధ్యలో చేతులు కాళ్లు విసురుతూ, తిడుతూ, పక్కవారిని కొడుతూ ఉంటే, ముఖ్యంగా యాభై దాటిన మగవారిలో, తప్పకుండా నరాల వైద్యుణ్ని కలవాలి. కలలు వచ్చే నిద్రలో ఒళ్లు కదలకుండా మెదడు తాళం వేస్తుంది. ఆ తాళం పాడైతే మనిషి కలను ఆడి చూపిస్తాడు. 1986లో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ ఈ జబ్బును వర్ణించారు. ఇలాంటివారిలో చాలామందికి కొన్నేళ్ల తర్వాత పార్కిన్సన్ లాంటి జబ్బు బయటపడుతుందని తర్వాత తేలింది.

అన్నిటికంటే ఎక్కువగా మన ఇళ్లలో తప్పిపోయేది పొద్దుటి కుదుపు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు నిద్ర లేచిన గంటలోపు చేతులు ఒక్కసారి విదిలిస్తారు. పళ్లు తోముతుంటే బ్రష్ ఎగిరిపోతుంది, పాలగ్లాసు ఒలికిపోతుంది. పిల్లలకు స్పృహ ఉంటుంది కాబట్టి ఇంట్లో 'ఒంటి మీద ధ్యాస లేదు' అని కోప్పడతారు. ఇది యవ్వనంలో మొదలయ్యే ఒకరకం మూర్ఛ కావచ్చు. పరీక్షల కోసం రాత్రంతా మేలుకున్న మర్నాడు మొదటిసారి పెద్ద ఫిట్ వచ్చి పడిపోయేదాకా చాలామందిలో ఇది బయటపడదు. మెదడు తరంగాల పరీక్షతో గుర్తించవచ్చు, మందులకు బాగా లొంగుతుంది. ఏ రకం మూర్ఛో సరిగ్గా తేలడం ముఖ్యం, ఎందుకంటే మూర్ఛకు వాడే కొన్ని మందులు ఈ కుదుపులను పెంచుతాయి. కాబట్టి పొద్దున చేతిలోవి ఎగిరిపోతున్నాయని పిల్లలు చెబితే తిట్టకుండా వినాలి.

రాత్రి నిద్రలో నాలుక కొరుక్కోవడం, పక్క తడపడం, లేచాక కాసేపు ఎక్కడున్నారో తెలియకపోవడం, ఒకే తీరు కదలిక ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు రావడం కూడా మూర్ఛ వైపు చూపే గుర్తులు. కుదుపుతో సంబంధం లేకుండా గుండె దడ, ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం ఉంటే అప్పుడు గుండె వైద్యుణ్ని కలవాలి. ఉలికిపాట్లు పగలు పని చేసుకుంటుండగా వస్తున్నా పరీక్ష చేయించాలి. కిడ్నీ, లివరు జబ్బులూ కొన్ని నొప్పి మందులూ అలాంటి కుదుపులు తెస్తాయి.

చంటిపిల్లల జడుపు

పసిపిల్లల సంగతి విడిగా చెప్పాలి. శబ్దానికి ఉలిక్కిపడి చేతులు చాచి దగ్గరికి తీసుకోవడం మొదటి నాలుగైదు నెలల్లో మామూలే. పుట్టిన కొత్తలో నిద్రలో మాత్రమే చేతులు కాళ్లు టకటకా అదిరి, లేపగానే ఆగిపోతే అదీ ప్రమాదం కాదు, కొన్ని నెలల్లో దానంతట అదే పోతుంది.

కానీ నాలుగు నుంచి ఏడు నెలల వయసులో, నిద్ర లేచీ లేవగానే, తల ముందుకు వాలి, చేతులు చాచుకుని, ఒళ్లు ముడుచుకుని, ఒకటి రెండు సెకన్లలో వదిలేసి, కొద్దిసేపటికే మళ్లీ అలాగే, ఇలా వరసగా పది పదిహేనుసార్లు వస్తుంటే అది జడుపు కాదు. బిడ్డ నవ్వడం తగ్గినా, మొహం చూడటం మానినా అనుమానం ఇంకా బలపడుతుంది. విలియం జేమ్స్ వెస్ట్ అనే ఇంగ్లిష్ డాక్టరు తన సొంత కొడుకులో దీన్ని చూసి 1841లో లాన్సెట్ వైద్య పత్రికకు ఉత్తరం రాశారు. ఆ పేరుతోనే దీన్ని వెస్ట్ సిండ్రోమ్ అంటారు. ఆలస్యమైన కొద్దీ బిడ్డ ఎదుగుదల దెబ్బతింటుంది. మంత్రించడంతో రోజులు పోనివ్వకుండా, ఫోన్‌లో వీడియో తీసి అదే రోజు పిల్లల డాక్టరుకు చూపించాలి.

పెద్దవాళ్ల విషయంలోనూ డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడేది ఆ వీడియోనే. పడక పక్కన ఫోన్ పెట్టి నిద్ర మొదటి గంట, చివరి గంట తీసిన వీడియో, రెండు వారాల నోటుబుక్కు, వాడుతున్న మందుల చీటీ, ఇవి పట్టుకెళితే సగం పని అయినట్టే. అనుమానం మిగిలితేనే ఒక రాత్రి నిద్ర పరీక్ష చేస్తారు. తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు తీగలు అతికించి, ఊపిరి, ఆక్సిజన్ కూడా నమోదు చేస్తారు. కదలిక ఏ దశ నిద్రలో పుట్టిందో అందులో తెలుస్తుంది. ఆ పరీక్ష వెతికే జవాబు కూడా మనం మొదట అడిగిన ప్రశ్నకే.

దారి మీద వచ్చినప్పుడు

నోటుబుక్కు పూర్తయ్యాక తమ్ముడు దాన్ని ఫొటో తీసి పంపాడు. తొమ్మిదో రోజు దగ్గర, పడక వేళకు ముందు, మార్జిన్‌లో చిన్నగా ఒక మాట ఉంది: 'భీమవరం నుంచి వస్తుంటే కారులో ఒకటి.' లెక్కలో కలపలేదు, మంచం మీద రాలేదు కదా అని.

వెంటనే ఫోన్ చేశాను. "అప్పుడు ఎవరు నడుపుతున్నారురా?"

"నేనే అక్కా. తెల్లవారుజాము మూడున్నర. రోడ్డు ఖాళీ. తల ఒక్కసారి ఎగిరి మెలకువొచ్చింది. స్టీరింగ్ కాస్త లాగింది, అంతే."

ఈ వ్యాసంలో చెప్పినవాటిలో మా తమ్ముడికి నిజంగా ప్రాణం మీదికి వచ్చింది ఆ ఒక్కసారే. ఉలికిపాటు మాగన్నులో పుడుతుంది. అంటే అది వచ్చిన క్షణానికి వాడు అప్పటికే నిద్ర గడప దాటుతున్నాడు. కళ్లు తెరిచి ఉన్నా, రోడ్డు కనిపిస్తున్నట్టున్నా, మెదడు రోడ్డును వదిలేసింది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మూడు సెకన్ల కునుకులో కారు 50 మీటర్లు డ్రైవరు లేకుండా పోతుంది. పైగా రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఒంటి గడియారం నిద్ర వైపే బలంగా లాగే వేళ. అద్దం దించడం, పాటలు పెంచడం, మొహం కడుక్కోవడం కొద్ది నిమిషాలకు మించి ఆపలేవు. చేయాల్సింది ఒకటే. దీపాలున్న చోట బండి ఆపి, ఒక టీ తాగి, వెంటనే సీటు వెనక్కి వాల్చి పదిహేను ఇరవై నిమిషాలు పడుకోవాలి. టీ పని చేయడం మొదలయ్యేసరికి కునుకు కూడా పూర్తవుతుంది. అప్పటికీ మత్తు వదలకపోతే తెల్లారేదాకా బయల్దేరకూడదు.

మంచం మీద వందసార్లు వచ్చిన ఉలికిపాటుకు వాడు వణికిపోయాడు. స్టీరింగ్ దగ్గర ఒక్కసారి వచ్చినదాన్ని లెక్కలోనే వేసుకోలేదు. ఇప్పుడు రాత్రి పెళ్లిళ్లకు డ్రైవర్‌ను పెట్టుకుంటున్నాడు. దారిలో వెనక సీట్లో కునుకు పడుతుంటే ఎప్పుడైనా కాలు ఎగిరిపడుతుందట. పక్కకు తిరిగి పడుకుంటున్నాడు.